48 లక్షలకు ఇవ్వలేం, కానీ బేరం తెగిపోకూడదు

ప్రశ్న: నెల్లూరు వేదాయపాళెంలో నాన్నగారు కట్టిన ఇల్లు అమ్మకానికి పెట్టాం. 25 అంకణాల స్థలం, వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇల్లు, కట్టి 20 ఏళ్లు. నాన్నగారు లేరు. అమ్మ, అన్నయ్య, నేను కలిసి సంతకాలు పెట్టాలి. అంకణం 2 లక్షల చొప్పున స్థలానికి 50, ఇంటికి 15 వేసుకుని 65 లక్షలు చెప్పాం. రెండు నెలల్లో నలుగురు చూసి వెళ్లారు. రేటు చెప్పింది ఒక్కరే. కృష్ణపట్నం వైపు ఉద్యోగం చేసే ఆయన, బ్యాంకు లోను పెట్టుకుంటాడట. "పాత ఇల్లు కదా, స్థలం రేటు చూసుకుని 48 ఇస్తా" అని వాట్సాప్‌లో పెట్టాడు. అన్నయ్యకు కోపం వచ్చి ఫోన్లోనే కడిగేస్తానంటున్నాడు. బ్రోకరేమో 55కి ఒప్పుకోమంటున్నాడు. 58 కంటే తగ్గితే మాకు కుదరదు. వంటగది పైన స్లాబు వానకు కాస్త నెమ్ము ఎక్కుతుంది, అది ఆయన చూశాడు. ఉన్న ఒక్క పార్టీని పోగొట్టుకోకుండా 48 కుదరదని ఎలా చెప్పాలి? మేమే ఇంకో రేటు చెప్పాలా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ముందు మీ అన్నయ్యను రెండు రోజులు ఫోన్ చేయవద్దనండి. కోపం రావడం సహజమే, నాన్నగారు కట్టిన ఇంటికి విలువే లేదన్నట్టు ఉంది ఆ మెసేజ్. కానీ దాన్ని లెక్కగా చదివితే అందులో మీకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది.

48 లక్షలను 25 అంకణాలతో భాగించి చూడండి. అంకణానికి 1 లక్షా 92 వేలు పడుతుంది. మీరు అనుకున్నది 2 లక్షలు. అంటే స్థలం దగ్గర మీ ఇద్దరికీ పెద్ద తేడా లేదు. మొత్తం 17 లక్షల తేడాలో 2 లక్షలు మాత్రమే స్థలం మీద ఉంది, మిగతా 15 లక్షలూ ఇంటి మీద ఉంది. ఆయన ఇంటికి సున్నా వేశాడు, మీరు 15 వేశారు. కాబట్టి ఈ బేరం 65కీ 48కీ మధ్య నడవాల్సింది కాదు. ఇంటికి ఎంత కట్టాలన్న ఒక్క విషయం మీదే నడవాలి. మీ జవాబు కూడా అక్కడే నిలబడాలి. "మరీ తక్కువ అడిగారు" అని రాస్తే ఆయన "మరి మీరు ఎక్కువ చెప్పారు" అంటాడు, మాట అక్కడితో ఆగిపోతుంది. "స్థలం లెక్క సరే, ఇంటికి ఏమీ కట్టలేదు" అంటే ఆయన దానికి ఏదో ఒకటి చెప్పక తప్పదు.

అయితే ఆయన్ని ఒక మాట అడగాలి. కొన్నాక ఈ ఇంట్లో ఉంటాడా, అద్దెకిస్తాడా, పడగొట్టి కొత్తది కడతాడా? పడగొట్టే మనిషికి మీ ఇల్లు నిజంగానే బరువు. కూల్చడానికి, మట్టి ఎత్తించడానికి డబ్బు పెట్టాలి, తలుపులూ ఇనుమూ అమ్మితే ఎంతో కొంత వస్తుంది, అంతే. అలాంటి మనిషి 50 దాటి రాడు, మీరు ఎంత చక్కగా రాసినా రాడు. ఉండటానికో అద్దెకివ్వడానికో కొనేవాడైతే ఆయన సున్నా నిలబడదు. ఇల్లు కొన్న నెలలోనే దిగిపోవచ్చు, కట్టించుకునే ఏడాది పాటు బయట అద్దె కట్టే పని లేదు. ఉద్యోగస్తుడు బ్యాంకు లోను మాట ఎత్తాడంటే, ఉండటానికే కొంటున్నాడని నాకనిపిస్తోంది. అయినా అడిగి తెలుసుకోండి. ఈ ఒక్క జవాబుతో ఆయన మీకు పార్టీయా కాదా తేలిపోతుంది.

ఇప్పుడు మీ 15 లక్షల సంగతి. అది కూడా కాస్త ఎక్కువే వేసుకున్నారు. బ్యాంకు పంపే వాల్యుయేటర్ ఇంటికి విలువ ఎలా కడతాడో తెలుసుకుంటే మీకే ధైర్యం వస్తుంది. స్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు అనుకుని, అదే ఇల్లు ఈరోజు కొత్తగా కడితే ఎంతవుతుందో వేసి, గడిచిన ఏళ్లకు తరుగు తీయడం మామూలు పద్ధతి. ఆఖరున మిగిలే సామాను కింద పదో వంతు పక్కన పెట్టి మిగతా తొంభై శాతానికే తరుగు లెక్కిస్తారు. మీ ఇంటికి చదరపు అడుగు 1,800 రూపాయలు అనుకుందాం. మీ వీధిలో ఇప్పుడు ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి ఈ అంకె సరిచూసుకోండి. వెయ్యి అడుగులకు 18 లక్షలు. 60లో 20 ఏళ్లు గడిచాయి, తరుగు 30 శాతం, అంటే 5 లక్షల 40 వేలు. మిగిలేది 12 లక్షల 60 వేలు. స్థలంతో కలిపితే 62 లక్షల 60 వేలు. వంటగది స్లాబు బాగు చేయించడానికి అయ్యేది అందులోంచి పోతుంది. ఇదీ మీరు ఎవరి ముందైనా కాగితం మీద వేసి చూపించగల రేటు. 65 అనేది బేరానికి చోటు వదులుకుని చెప్పిన రేటు. 58 మీ అడుగు రేటు, అంటే అంతకంటే కిందికి దిగకూడని రేటు. ఈ మూడింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోండి. 58 అన్న మాట మీ ముగ్గురికీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, బ్రోకరుకు అసలు తెలియకూడదు.

ఆ 58 కూడా చేతికి ఎంత మిగులుతుందో చూసుకున్నాకే ఖాయం చేసుకోండి. నాన్నగారు 2024 జులై 23కి ముందు కొన్న ఆస్తి కాబట్టి, లాభం మీద 12.5 శాతం పన్ను కట్టడమా, ద్రవ్యోల్బణాన్ని లెక్కలో తీసుకుని 20 శాతం కట్టడమా, ఏది తక్కువైతే అది మీకు వర్తిస్తుంది. ఆడిటరు దగ్గర గంటసేపు కూర్చుంటే తేలే పని ఇది. బేరం మధ్యలో ఉండగా 58 కాస్తా 60 అయితే ఇబ్బంది పడేది మీరే.

కుదరదని చెప్పేముందు ఇంకొకటి కూడా ఆలోచించుకోవాలి. మనవాళ్లు చాలామంది "ముందు కాదందాం, మరీ ఎవరూ రాకపోతే ఆ 48 ఎలాగూ ఉంది కదా" అనుకుంటారు. చట్టం ప్రకారం అలా ఉండదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఒప్పుకోవడమంటే ఏ మార్పూ లేకుండా ఒప్పుకోవడమే. మీరు కాదన్నా, వేరే రేటు చెప్పినా ఆయన 48 అక్కడితో పోయినట్టే. మళ్లీ దానికి కట్టుబడి ఉండాల్సిన పని ఆయనకు లేదు. మీ విషయంలో 58 లోపు ఎలాగూ కుదరదు కాబట్టి పోయేదేమీ లేదు. కానీ డబ్బు అత్యవసరమై 50కైనా ఇచ్చేద్దామన్న ఆలోచన మీ ముగ్గురిలో ఎవరికైనా ఉంటే, అది ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి, జవాబు పంపాక కాదు.

మీరే రేటు చెప్పాలా అన్నారు. ఈ విడతలో వద్దు. ఎందుకో చూడండి. మన దగ్గర బేరం ఎప్పుడూ "నీదీ వద్దు, నాదీ వద్దు, మధ్యలో తెంచుదాం" అన్న మాట దగ్గరకే వస్తుంది. మధ్యవర్తికి అంతకంటే తేలికైన మార్గం లేదు. 65కీ 48కీ మధ్య 56 లక్షల 50 వేలు. మీ అడుగు రేటు కంటే అదే తక్కువ. బ్రోకరు 55 అంటున్నాడంటే అది కూడా దాని దరిదాపుల్లోదే. ఇప్పుడు మీరు మెత్తబడి 62 అన్నారనుకోండి, నడుమ 55కి దిగుతుంది. ఆయన ఒక్క రూపాయి పెంచకుండానే మీరు మూడు లక్షలు వదిలినట్టు. కాబట్టి 48ని ఒక వైపు అంకెగా ఒప్పుకోకుండా, ఆయన చేతే రెండో రేటు చెప్పించాలి. ఆయన పైకి కదిలాకే మీ అంకె బయటికి రావాలి.

జవాబు మరీ వెంటనే పంపినా బాగుండదు, వారం నానబెట్టినా బాగుండదు. రెండో రోజో మూడో రోజో పంపండి. ముగ్గురిలో ఒకరే మాట్లాడాలి. ఆయనకు మీ నంబరు ఉంది కాబట్టి మీరే మాట్లాడండి. అమ్మగారితో ఒక మాట, అన్నయ్యతో ఒక మాట వినిపిస్తే ఆయన తక్కువ చెప్పిన గొంతునే పట్టుకుంటాడు. రాతలో పంపడం మంచిది, రేపు "నేనలా అనలేదు" అనుకునే పని ఉండదు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారమండీ. ఇల్లు చూసి రేటు చెప్పినందుకు సంతోషం. అమ్మతో, అన్నయ్యతో మాట్లాడాను. 48 లక్షలకు మేం ఇవ్వలేమండీ. స్థలం వరకు మీ లెక్క మా లెక్కకు దగ్గరగానే ఉంది, కానీ అందులో ఇంటికి ఏమీ కట్టినట్టు లేదు. స్లాబు ఇల్లు, బోరు, కుళాయి, కరెంటు మీటరు అన్నీ వాడుకలో ఉన్నవే, కొన్న నెలలో దిగిపోవచ్చు. వంటగది పైన నెమ్ము మీరు చూశారు, దానికయ్యే ఖర్చు మాట్లాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. మీరు ఈ ఇంట్లో ఉండటానికే చూస్తున్నారా? అలాగైతే ఇంటిని కూడా కలుపుకుని ఎంతవరకు రాగలరో చూసి చెప్పండి. డబ్బంతా బ్యాంకు ద్వారానే కావాలి. అగ్రిమెంటు ఎప్పుడు, రిజిస్ట్రేషన్ ఎప్పుడు అనేది మీ లోను వీలును బట్టి సర్దుకుంటాం. కాగితాల జిరాక్సులు సిద్ధంగా ఉన్నాయి, మీ లాయరుకు చూపించుకోవచ్చు. ఆదివారం లోపు చెబితే బాగుంటుంది. రేటు కుదిరి, అగ్రిమెంటు రాసుకున్నాకే ఖాయం అనుకుందాం."

ఇందులో "ఇవ్వలేమండీ" అన్న మాట దగ్గర మెత్తబడకండి. "కాస్త కష్టం", "చూద్దాం", "ఆలోచిస్తాం" అని రాస్తే 48 ఇంకా బతికే ఉందని ఆయన అనుకుంటాడు, 49 దగ్గర మళ్లీ మొదలుపెడతాడు. అలాగని ఆ మాట ఒంటరిగా వదలకూడదు. దాని పక్కనే ఆయన ఒప్పుకోగల కారణం ఉండాలి. స్థలం లెక్క సరిగ్గానే కట్టారని ఒప్పుకుంటున్నారు కాబట్టి ఆయన మాట పూర్తిగా కొట్టేసినట్టు అవదు. తిరిగి రావడానికి ముఖం చెల్లుతుంది. తక్కువ అడిగినవాళ్లు వెనక్కి రాకపోవడానికి సగం కారణం రేటు కాదు, మొదటిసారి మాట పోగొట్టుకున్నామన్న బాధ.

స్లాబు నెమ్ము సంగతి మీ అంతట మీరే ఎందుకు ఎత్తాలి అనిపించవచ్చు. ఆయన ఎలాగూ చూశాడు. మీరు దాచితే ఆ నెమ్ము పేరు చెప్పి మూడు నాలుగు లక్షలు తగ్గించమంటాడు. మీరే ఎత్తితే అది ఎంత ఖర్చో అంతే అవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లను పిలిచి చూపించి, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని ఉంచండి. ఆ రాత మీ దగ్గర ఉంటే ఆయన నోటికొచ్చిన అంకె చెప్పలేడు.

"డబ్బంతా బ్యాంకు ద్వారానే" అన్న మాట తప్పకుండా ఉండాలి. లేకపోతే రెండో రేటు 54 అని వచ్చాక, అందులో 15 చేతికిస్తా, మిగతాదానికే రిజిస్ట్రేషన్ అంటాడు. అది 54 కాదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే పుచ్చుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు, ఆ జరిమానా పడేది తీసుకున్న మీ మీదే. పైగా లోను పెట్టుకునేవాడికి దస్తావేజులో రాసే రేటు తగ్గితే బ్యాంకు ఇచ్చే సొమ్ము కూడా తగ్గుతుంది. కాబట్టి దీని వల్ల ఆయనకీ కలిసొచ్చేది లేదు.

ఆఖరి వాక్యం చిన్నదే కానీ అవసరం. ఈ మెసేజ్‌లో మీరు ఏ అంకే చెప్పలేదు కాబట్టి ఆయన "సరే" అనడానికి ఏమీ లేదు, రేటు చెప్పమని పిలిచారు, అంతే. తర్వాతి విడతలో అంకె చెబుతారు, అప్పుడు ఆయన "ఓకే" అని పెడితే ఒప్పందం అయిపోయిందని వాదించే అవకాశం ఉంది. ముగ్గురు సంతకాలు పెట్టాల్సిన ఆస్తిలో అలాంటి చిక్కు వద్దు. అందుకే ప్రతి మెసేజ్ చివర ఆ మాట ఉంచండి. అన్నయ్య కూడా తన ఫోన్‌లోంచి ఏ రేటుకూ "సరే" అని పెట్టకూడదు.

కాగితాలు సిద్ధంగా ఉన్నాయని రాయాలంటే నిజంగానే సిద్ధంగా ఉండాలి. తక్కువ రేటుకు ఒక్కోసారి అసలు కారణం ఇదే అవుతుంది, పైకి చెప్పరు. తండ్రి పోయిన ఆస్తి, ముగ్గురు వారసులు అంటే, రేపు ఎవరైనా అడ్డం తిరుగుతారేమోనని కొనేవాడు భయపడతాడు. ఆ భయానికి తన లెక్కలో రెండు మూడు లక్షలు తీసేస్తాడు. నాన్నగారి దస్తావేజు, దానికి ముందరి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటిపన్ను రసీదు ఒక ఫైలులో పెట్టండి. పన్ను ఇంకా నాన్నగారి పేరు మీదే వస్తుంటే మార్పించడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఫైలు చూసి ఆయన లాయరు బాగానే ఉందంటే, మీరు ఏమీ వాదించకుండానే ఆ రెండు మూడు లక్షలు వెనక్కి వస్తాయి.

ఇక రెండో విడత. ఆయన 49 అనో 50 అనో వస్తే ఇంటికి ఇంకా ఏమీ కట్టలేదన్నమాట. "సంతోషమండీ, స్థలం రేటుకు మా ఇల్లు ఇవ్వలేం, మీ ఆలోచన మారితే చెప్పండి" అని ఆపేయండి. అంకె చెప్పొద్దు. 53 అని వచ్చాడనుకుందాం. ఇప్పుడు ఆయన కదిలాడు, మీరూ కదలాలి. ఎంత కదలాలో ఆయన అంకెను బట్టి తేల్చుకోవచ్చు. మీ అంకెకూ ఆయన 53కూ నడుమ 58 కంటే తగ్గకూడదు. అంటే మీరు చెప్పాల్సింది 63, అంతకు తగ్గితే నడుమ మీ అడుగు రేటు కిందికి పోతుంది. 63 మీ కాగితం లెక్కకు కూడా దగ్గరగానే ఉంది, స్థలానికి 50, ఇంటికి 13. "ఇంటికి 13 ఎలా వేశామో చూడండి" అని ఆ తరుగు లెక్క ఫోటో తీసి పంపండి. లోను పెట్టుకునేవాడికి ఆ లెక్క కొత్తగా ఉండదు, బ్యాంకు వాల్యుయేటర్ వేసేదీ ఇలాంటిదే.

ఇక్కడి నుంచి మీరు దిగే మెట్లు చిన్నవవుతూ రావాలి. 65 నుంచి 63కి రెండు లక్షలు, తర్వాత 61 లక్షల 50 వేలు, తర్వాత 60 లక్షల 75 వేలు. దిగిన ప్రతిసారీ బదులుగా ఒకటి అడగండి. 61న్నరకు దిగితే అగ్రిమెంటు రోజున ఇచ్చే బయానా పెంచమనండి. ఆ తర్వాత దిగితే రిజిస్ట్రేషన్ ఆషాఢానికి ముందే పెట్టుకుందామనండి. ఆషాఢం వస్తే మనవాళ్లు ఇల్లు చేతులు మార్చడానికి జంకుతారు, నెల రోజులు ఆగిపోతుంది, ఈలోగా మనసు మారవచ్చు. ఊరికే దిగుతూ పోతే ఇంకా దిగుతారని ఆయనకు మీరే చెప్పినట్టు. "లాస్ట్ ఎంత?" అని అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. దానికి జవాబు 58 కాదు. "మీరు ఏ రేటుకు, ఏ తేదీకి అగ్రిమెంటుకు వస్తారో చెప్పండి, ముగ్గురం కూర్చుని ఒకే మాట చెబుతాం" అనండి.

ఆయన నిజంగా డబ్బు లేక 48 అన్నాడేమో కూడా చూడాలి. దానికి ఆయన వైపు లెక్క వేద్దాం. 60 లక్షలకు కొంటే, 30 లక్షలు దాటి 75 లోపు ఉండే గృహ రుణానికి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం బ్యాంకు 80 శాతం వరకే ఇవ్వగలదు. అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు చేతిలోంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 కలిపి ఏడున్నర శాతం, అది 4 లక్షల 50 వేలు. దానికి బ్యాంకు లోను ఇవ్వదు. మొత్తం 16 లక్షల 50 వేలు సొంతంగా కావాలి. అదే ఇల్లు 48కి వస్తే 9 లక్షల 60 వేలు, రిజిస్ట్రేషన్‌కు 3 లక్షల 60 వేలు, కలిపి 13 లక్షల 20 వేలు. రేటులో తేడా 12 లక్షలు, కానీ ఆయన జేబులోంచి ఇప్పుడు తీయాల్సిన దాంట్లో తేడా 3 లక్షల 30 వేలే. మిగతాది నెల వాయిదాలో కలుస్తుంది. 9 లక్షల 60 వేలు ఎక్కువ లోనుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే, 20 ఏళ్ల మీద నెలకు సుమారు 8,300.

ఇది తెలిస్తే మీకు ఇంకో దారి కనిపిస్తుంది. ఆయనకు ఆ మూడు లక్షలే అడ్డమైతే, రేటు తగ్గించే కంటే రిజిస్ట్రేషన్ తేదీ మూడు నెలలు దూరం పెట్టడం మీకు మేలు. ఆయన చీటీ పాడుకుంటాడో, బోనస్ కోసం ఆగుతాడో. జీతానికి బ్యాంకు అంత లోను ఇవ్వనంటే మాత్రం తేదీ జరిపి లాభం లేదు, ఆ మనిషికి ఈ ఇల్లు అందదు. "బ్యాంకులో మీకు ఎంతవరకు వస్తుందన్నారు?" అని ఫోన్లో నిమ్మళంగా అడగండి. ఇంకా బ్యాంకుకే వెళ్లలేదంటే, ముందు వెళ్లి కనుక్కుని రమ్మనండి. అలాంటి మనిషితో లక్షల దగ్గర లాక్కోవడం అనవసరం.

ఆయన ప్రభుత్వ విలువ చూపించి "గవర్నమెంటు రేటే ఇంత" అనవచ్చు. అది స్టాంపు డ్యూటీ కట్టడానికి ప్రభుత్వం పెట్టిన కనీసం, అమ్మకం రేటు కాదు. పక్కింటి ఈసీ తీసి "పోయినేడు ఇంతకే అమ్మారు" అని కూడా చూపించవచ్చు. ఈసీలో కనిపించేది దస్తావేజులో రాసిన అంకె. చేతులు మారినది అంతేనా అన్నది ఈసీ చెప్పదు. దాని మీద వాదనకు దిగకండి. "మీ బ్యాంకు వాల్యుయేటర్‌ను తీసుకురండి, ఆయన ఎంత వేస్తాడో చూద్దాం" అంటే చాలు.

అలాగే 60 దగ్గర కుదిరిందనుకున్నాక "ఒక శాతం టీడీఎస్ పోతుంది కాబట్టి అదీ తగ్గించండి" అనే మాట వస్తుంది. 50 లక్షలు, అంతకు మించిన ఆస్తికి కొనేవాడు ఒక శాతం మినహాయించి మీ పాన్‌ల మీద ప్రభుత్వానికి కట్టాలి. 60 లక్షలకు 60 వేలు. అది మీ పన్నులోంచి ముందే తీసుకున్న సొమ్ము, రిటర్ను వేసినప్పుడు మీకు జమ అవుతుంది. ఆయనకు అదనంగా ఖర్చేమీ లేదు, రేటు తగ్గించాల్సిన పనీ లేదు. అమ్మగారికి పాన్ లేకపోతే ఇప్పుడే తీయించండి, లేకుంటే ఆమె వాటాకు 20 శాతం మినహాయించాల్సి వస్తుంది.

బ్రోకరు మాట. ఆయన చెడ్డవాడని నేను అనను, కానీ ఆయన లెక్క వేరు. కమీషన్ ఒక శాతం అనుకుంటే 60కి 60 వేలు, 55కి 55 వేలు. మీకు 5 లక్షలు పోయే చోట ఆయనకు పోయేది 5 వేలు. బేరం ఈ నెల కుదిరితే ఆయనకు లాభం, వచ్చే నెలకు జరిగితే నష్టం. కాబట్టి 55 అన్న సలహాను రేటు మీద అభిప్రాయంగా తీసుకోవద్దు. ఆయనకు ఇలా చెప్పండి: "అన్నా, 55కి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. పార్టీని ఇంటికి కూడా కలిపి రేటు చెప్పమను. 60 దాటించి తెస్తే ఆ పైదానిలో నీకు వేరే చూస్తాం." ఆ పైన ఇచ్చేది ఎంతో ముందే ఖాయం చేసుకోండి. అప్పుడు ఆయన పట్టుదల మీ వైపు ఉంటుంది.

ఒక పని మాత్రం చేయొద్దు. "వేరేవాళ్లు 60 అడిగారు" అని లేని పార్టీని చూపించకండి. వేదాయపాళెంలో ఇళ్లు చూపించే బ్రోకర్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే, రెండు రోజుల్లో నిజం ఆయన చెవిన పడుతుంది. ఆపైన మీరు చెప్పే ఇంటి లెక్కను కూడా నమ్మడు. నిజంగా ఇంకొకరు వస్తే అప్పుడు చెప్పండి, రేటు చెప్పకుండా "ఇంకొకరు కూడా చూసి వెళ్లారు" అంటే చాలు.

ఆదివారం దాటినా జవాబు రాకపోతే, బుధవారం వరకు ఆగి ఒక్క మెసేజ్ పెట్టండి: "మీ నుంచి మాట రాలేదు. ఇల్లు మళ్లీ చూపిస్తున్నాం. మీరు రేటు ఆలోచించుకుంటే ఎప్పుడైనా చెప్పండి." అందులోనూ అంకె ఉండకూడదు. మీరు కిందికి దిగి రాస్తే, మాట్లాడకుండా ఉంటే రేటు తగ్గుతుందని ఆయన తెలుసుకుంటాడు. ఆ తర్వాత మెసేజ్‌లు వద్దు. ఈలోగా వంటగది పైన స్లాబు బాగు చేయించి, ఆ పైకప్పుకు రంగు వేయించండి. తర్వాత ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లకు 65 కాకుండా 63 చెప్పండి, ఆ తరుగు లెక్క కాగితం కూడా చేతిలో పెట్టండి.